మూడు నిమిషాల్లో ఏ కవిత చదవాలి

అమ్మాయీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పెదనాన్నగారు పోయిన దుఃఖంలో ఉండి కూడా, సంస్మరణ సభలో ఏం చదవాలో ఇంత శ్రద్ధగా ఆలోచిస్తున్నావంటే ఆయన మీద నీకున్న ప్రేమ నాకు అర్థమవుతోంది. సభకు నాలుగు రోజులే ఉంది కనుక నేరుగా విషయంలోకి వస్తాను. నువ్వు పంపిన మూడింటినీ పైకి చదివి చూశాను. ఏది చదవమంటానో, మిగతావి ఎందుకు వద్దంటానో చెబుతాను.

ముందు సమయం సంగతి. నీకు మూడు నిమిషాలు ఇచ్చారన్నావు. అందులో కవితకు మిగిలేది రెండు నిమిషాల కంటే తక్కువే. లేచి మైకు దగ్గరికి రావాలి, కాగితం సర్దుకోవాలి, కవిత పేరూ రాసినవారి పేరూ చెప్పాలి, చదవడం అయ్యాక ఒక క్షణం నిలబడాలి. వీటికే ముప్పావు నిమిషం పోతుంది. ఆ రోజు గొంతు పట్టేసి ఆగాల్సి రావచ్చు, దానికీ కొంత వదలాలి. నిదానంగా, అందరికీ వినపడేలా తెలుగు చదివితే నాకు నిమిషానికి 80, 90 మాటలకు మించి సాగదు. నీ లెక్క నువ్వే చూసుకో. నిలబడి, గడియారం ముందు పెట్టుకుని, సభలో చదివినట్టే చదువు. కూర్చుని లోలోపల చదువుకున్న లెక్క పనికిరాదు. ఇంట్లో 1 నిమిషం 40 సెకన్లు దాటిందంటే అది నీకిచ్చిన సమయంలో ఇమడదు.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడి సంస్మరణ సభలో నేను ఒక దీర్ఘ కవిత చదివాను. నాలుగు నిమిషాలు అనుకున్నది ఏడు నిమిషాలు అయింది. నా తర్వాత మాట్లాడాల్సింది వాళ్లమ్మాయి. హాలు ఖాళీ చేయాల్సిన వేళ దగ్గరపడిందని నిర్వాహకులు ఆ అమ్మాయిని రెండు మాటల్లో ముగించమన్నారు. రాసి తెచ్చుకున్న కాగితం మడిచి చేతిలోనే పెట్టుకుని దిగిపోయింది. నేను ఎక్కువ తీసుకున్న మూడు నిమిషాలు ఆమెవి.

ఇక కవితలు. నువ్వు మొదట పెట్టింది పోతన పద్యం, ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’. చాలామందికి నోటికొచ్చిన పద్యం, మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. అందుకే ఇలాంటి సభల్లో తరచూ వినిపిస్తుంది. సాధారణంగా ఎక్కడ ఆపుతారో గమనించావా? రాజులు సిరి మూటగట్టుకుని పోలేకపోయారు, భూమ్మీద వాళ్ల పేరైనా మిగల్లేదు అన్న చోట. కానీ పద్యం అక్కడ అయిపోలేదు. దానం ఇవ్వొద్దని వారిస్తున్న శుక్రాచార్యుడికి బలి చక్రవర్తి చెబుతున్న సమాధానం అది. శిబి వంటివాళ్లు కోరినవి ఇచ్చారు, ఈనాటికీ వాళ్లను లోకం మరిచిందా, భార్గవా అని అడుగుతాడు. అంటే ఆ పద్యం బరువంతా రెండో సగంలో, ఇవ్వడం మీద ఉంది. మొదటి సగమే చదివితే, ఎంత సంపాదించినా ఏం తీసుకుపోయావు అని పోయినవాణ్ణి దెప్పినట్టు వినిపిస్తుంది. జీతంతో ఇల్లు గడిపి, నలుగురి రేడియోలు బాగుచేసిపెట్టిన మీ పెదనాన్నగారికి ఆ మాట ఎందుకు? చేతికి ఎముక లేకుండా ఇచ్చిన మనిషి సభలో అయితే పద్యం పూర్తిగా చదివి, ఇది ఎవరు ఎవరితో అన్నదో ముందు ఒక్క వాక్యం చెప్పమనేవాణ్ణి.

రెండోది జాషువా ‘శ్మశానవాటి’ పద్యం, ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము’. ఆ పద్యం అంటే నాకు ప్రాణం. అయినా వద్దంటాను. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో రాగం తీసి పాడగా విన్న తరం నీ సభలో ముందు వరసల్లో ఉంటుంది. నువ్వు మొదటి మాట అనగానే వాళ్లకు మీ పెదనాన్నగారు కాక రంగస్థలం గుర్తొస్తుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ పద్యాన్ని మీ పెద్దమ్మ చెవులతో ఒకసారి విను. కవి కలం, రాజు అధికారముద్రిక అయ్యాక వచ్చేది లేత ఇల్లాలి నల్లపూసల సౌరు గంగలో కలిసిపోవడం. ఆ తర్వాత పిశాచాలతో శివుడు ఆడే రంగస్థలం. పుస్తకంలో చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచే కవిత్వం. మొన్ననే భర్తను పోగొట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ పాదం పలకడానికి నీకు నోరు రాదు, రాకూడదు కూడా. మొదటి రెండు పాదాల అందం చూసి ఎంచుకున్న కవితల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. చివరి దాకా, ముందు వరసలో కూర్చునేవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ తలుచుకుంటూ చదవాలి.

నువ్వు మూడోదిగా, కొంచెం మొహమాటంగా పంపినది నీ స్నేహితురాలి వచన కవిత. వాళ్ల తాతగారి మీద రాసిందన్నావు. 46 పంక్తులు. నేను చదవమనేది దీన్నే, కానీ అంతా కాదు.

దాని మొదలు చూడు:

కరెంటు పోయినప్పుడల్లా
మొదట వినిపించేది ఆయన గొంతే
‘ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి
నేను వస్తున్నా’ అని

వినగానే అర్థం కానిది ఇందులో ఒక్క మాటా లేదు. సభలో కవితను ఒక్కసారే వింటారు, వెనక్కి తిప్పి చూసుకునే వీలుండదు. పదేళ్ల పిల్లాడికీ, ఆయనతో పనిచేసినవాళ్లకీ, తెలుగు వచ్చీరానివాళ్లకీ చీకట్లో ఒక పెద్దాయన టార్చిలైటు పట్టుకుని రావడం కనిపిస్తుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు, వేర్వేరు మతాలవాళ్లు కలిసి కూర్చునే సభ అన్నావు కదా. ఈ కవిత పోయినాయన ఎక్కడికి వెళ్లారో చెప్పదు. ఉన్నప్పుడు ఏం చేసేవారో చెబుతుంది. దాన్ని కాదనేవాళ్లు ఆ హాల్లో ఉండరు. ఆయనకు రోజూ చదువుకునే గ్రంథం ఏదైనా ఉండి ఉంటే, ‘ఇది ఆయన రోజూ చదువుకున్న మాట’ అని చెప్పి అందులోంచి నాలుగు వాక్యాలు చదవొచ్చు. అప్పుడు అది ఆయన నమ్మకంగా వింటారు, మమ్మల్ని నమ్మమంటున్నారని ఎవరూ అనుకోరు. మీ ఇంట్లో అలాంటిది లేదన్నావు కనుక దాన్ని వదిలేద్దాం.

ఇప్పుడు నేను ప్రతి కవితలోనూ మొదట వెతికేది చెబుతాను. కవిత ఎవరితో మాట్లాడుతోంది? ‘నువ్వు వెళ్లిపోయావు’ అని మొదలయ్యే కవితలు మనకు కొల్లలు. ప్రియుడి మీదో స్నేహితుడి మీదో రాసిన ఆ ‘నువ్వు’ను పెదనాన్న విషయంలో, ఆయన తోబుట్టువుల ముందు నువ్వు పలికితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘మీరు’ అని మారిస్తే లయ పోతుంది, పైగా అది రాసినవాళ్ల మాట కాకుండా పోతుంది. పోయిన మనిషే ‘నేను’ అని పలికే కవితలూ ఉన్నాయి, నేను ఎక్కడికీ పోలేదు, మీ పక్కనే ఉన్నాను అంటూ. అవి కొందరికి ఊరట. కానీ ఆ మాటలు ఆయన అనలేదు, అలా అనేవారో లేదో ఇంట్లోవాళ్లకే తెలుసు. మీ పెద్దమ్మను అడగకుండా అలాంటిది చదవొద్దు. ఇక ‘మేము’. కవితలో ‘మా ఇల్లు, మేము’ అని నాలుగుసార్లు వస్తే వినేవాళ్లు బయట నిలబడిపోతారు. ‘మనం’ వస్తే లోపలికి వస్తారు. నీ స్నేహితురాలి కవితలో అంతటా ‘ఆయన’ ఉంది. పేరు లేదు, తాత అన్న మాట లేదు. అందుకే ఒక్క అక్షరం మార్చకుండా మీ పెదనాన్నగారికి సరిపోయింది.

ఇక కుదించడం. పాదాల మధ్యలో మాటలు తీసేస్తే అతుకు కనబడుతుంది, అందుకని తీస్తే ఖండిక మొత్తం తీయాలి. 19వ పంక్తి నుంచి 32 దాకా తాతగారి ఆస్తి గురించి బంధువుల గొడవ ఉంది. ఆ కోపం నిజమైనదే, కవితకు అవసరమైనదే, కానీ మీ సభలో కూర్చున్న బంధువులు అది తమ గురించేనా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ 14 పంక్తులూ తీసేయి. పైన 18వ పంక్తి టార్చి బ్యాటరీలు ఎండలో పెట్టడంతో ఆగుతుంది, 33వది ఆయన లేని మొదటి రాత్రితో మొదలవుతుంది. రెంటి మధ్యా రెండు సెకన్లు ఆగితే చాలు, అతుకు తెలియదు. తర్వాత 40వ పంక్తి దగ్గర ఆపు:

మళ్లీ కరెంటు పోయింది
ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం

ఆ తర్వాతి ఆరు పంక్తులూ మరణం కూడా ఒక చీకటేనంటూ ఇదే విషయాన్ని వివరిస్తాయి. అక్కర్లేదు. ‘ఉన్నాం’ అన్నదాన్ని ఇంకోసారి పలికి చూడు. ముందు ‘మేము’ లేదు, ‘మనం’ లేదు. మన భాషలో ఆ క్రియ రెంటికీ సరిపోతుంది. ఇంటివాళ్లు మేము అనుకుంటారు, వచ్చినవాళ్లు మనం అనుకుంటారు.

మిగిలినవి 26 పంక్తులు. నేను నిలబడి రెండుసార్లు చదివితే 1 నిమిషం 35 సెకన్లు వచ్చింది. కుదించి చదువుతున్నట్టు నీ స్నేహితురాలికి ముందే చెప్పి ఒప్పించు, సభలో కూడా ‘ఈ కవితలోంచి కొన్ని పంక్తులు’ అని చెప్పు. అంతకుమించి పరిచయం వద్దు.

పెద్ద అక్షరాలతో, ఎక్కడ ఊపిరి తీసుకుంటావో అక్కడ పంక్తి విరిచి, ఒక్క కాగితం మీద ప్రింటు తీసుకో. నీ గొంతు ఎక్కడ ఆగిపోతుందో ఇంట్లో నాలుగుసార్లు చదివితే తెలుస్తుంది. నాకైతే ‘నేను వస్తున్నా’ దగ్గర ఆగింది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో, దానికి ముందే తల ఎత్తి ఊపిరి పీల్చుకో. రెండో ప్రతి మీ అన్నయ్య చేతిలో పెట్టు. నువ్వు ఆగిపోతే ఏ పంక్తి నుంచి అందుకోవాలో తనకు తెలిసి ఉండాలి.

ఈ రాత్రికే కుదించిన కవితను మీ పెద్దమ్మకు చదివి వినిపించు. ఆవిడ వద్దంటే మారు మాట్లాడకుండా పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో
మీ మాస్టారు