కుటుంబ గ్రూపా, ఎంఎన్‌సీయా: ముందు ఆఫర్ లెటర్ మీద ఏ కంపెనీ పేరుందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ ఫైనాన్స్ చివరి సెమిస్టర్‌లో ఉంది. క్యాంపస్‌లో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లోని ఒక కుటుంబ గ్రూపులో మేనేజ్‌మెంట్ ట్రైనీ. వాళ్లకు కరెంటు, సిమెంటు, రియల్ ఎస్టేట్ అన్నీ ఉన్నాయి. ఇంకొకటి ఒక విదేశీ బ్యాంకు హైదరాబాద్ సెంటర్‌లో అనలిస్ట్. జీతాలు దాదాపు సమానం. కుటుంబ కంపెనీలో ఎంత చాకిరీ చేసినా ఓనర్ కొడుకు కిందే ఉండాలి, ఎంఎన్‌సీలో ప్రతిభకే ప్రమోషన్ అని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? కంపెనీ పద్ధతిగా నడుస్తోందో లేదో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నమస్కారమండీ. మీ బావమరిదిగారి మాటలో సగం నిజం ఉంది. ఓనర్ కుర్చీ కుటుంబానిదే, అందులో దాపరికం లేదు. కానీ మీ అమ్మాయికి ఆ కుర్చీతో పని పడేది ఏ ఇరవై ఏళ్ల తర్వాతో. మొదటి ఎనిమిది, పదేళ్లలో ఆమె ప్రమోషన్ తేల్చేది ఓనర్ కొడుకు కాదు, ఆమె పై మేనేజరూ, అతని మాటకు ఉన్న విలువా. రెండు చోట్లా ఇదే పరిస్థితి. అందుకే కుటుంబమా, ఎంఎన్‌సీయా అన్న ప్రశ్న పక్కన పెట్టి ముందు ఆఫర్ లెటర్లు రెండూ చేతిలోకి తీసుకోండి.

లెటర్ పైనో కిందో సీఐఎన్ అని కంపెనీ గుర్తింపు నంబరు ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి 21. అది `L`తో మొదలైతే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ, `U`తో మొదలైతే కాదు. మధ్యలో స్థాపించిన సంవత్సరం తర్వాత మూడక్షరాలు ఉంటాయి. అక్కడ `FTC` ఉంటే విదేశీ కంపెనీకి చెందిన ప్రైవేట్ లిమిటెడ్ అని. కుటుంబ గ్రూపుల్లో తరచూ కనిపించేదేమిటంటే, క్యాంపస్‌లో చూపించే ప్రెజెంటేషన్ మీద లిస్టెడ్ కంపెనీ పేరుంటుంది, అపాయింట్‌మెంట్ మాత్రం ఏదో ప్రాజెక్టు కంపెనీ పేరుతోనో, గ్రూపు సర్వీసుల కంపెనీ పేరుతోనో వస్తుంది. ఇది చిన్న తేడా కాదు. లిస్టెడ్ కంపెనీ చట్టప్రకారం బయటపెట్టాల్సినవి ఎన్నో ఉన్నాయి, అన్‌లిస్టెడ్ కంపెనీకి వాటిలో చాలా వరకు వర్తించవు.

మీకు పనికొచ్చేవి ఏమిటో చెబుతాను. 2013 కంపెనీల చట్టం కింద లిస్టెడ్ కంపెనీ ఏటా ఒక పట్టిక తయారు చెయ్యాలి. అందులో ఎక్కువ జీతం తీసుకునే మొదటి పది మంది ఉద్యోగుల పేర్లు, ఏడాదికి కోటీ రెండు లక్షలు దాటినవాళ్ల పేర్లు, వాళ్ల వయసు, చదువు, అనుభవం, ఏ తేదీన చేరారు, అంతకుముందు ఎక్కడ చేశారు అన్నీ ఉంటాయి. చివర ఇంకో వివరం ఉంటుంది: ఈ ఉద్యోగి ఎవరైనా డైరెక్టరుకు బంధువా, అయితే ఏ డైరెక్టరుకు అని. ప్రమోషన్లలో చుట్టరికం ఎంత నడుస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కాగితం నేను చూడలేదు. చాలా కంపెనీలు దీన్ని వార్షిక నివేదికలో అచ్చు వెయ్యవు, వాటాదారు అడిగితే పంపిస్తామని ఒక వాక్యం రాస్తాయి. ఒక్క షేరు కొంటే మీరూ వాటాదారే. కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టండి.

దాన్ని చదివే పద్ధతి కూడా ఉంది. ఒక్క ఏడాది చూస్తే ఏమీ తెలీదు. వరసగా ఐదేళ్ల నివేదికలు ముందు పెట్టుకుని పై అధికారుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు సిమెంటు విభాగానికి పదిహేనేళ్లుగా అక్కడే ఎదిగిన వ్యక్తి అధిపతి అనుకోండి. మూడో ఏడు చైర్మన్‌గారి అబ్బాయి, ఇరవయ్యేడేళ్లవాడు, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా వచ్చాడు. రావడం తప్పు కాదు. నాలుగో ఏడు ఆ పాత అధిపతి పేరు ఉందా? ఐదో ఏడు ఆయన స్థానంలో లోపలి మనిషి వచ్చాడా, బయటి నుంచి తెచ్చారా, అసలు ఆ పదవే ఎత్తేశారా? ఫైనాన్స్ వైపు వెళ్లే పిల్ల కాబట్టి ఆ విభాగానికి అధిపతులైన సీఎఫ్‌ఓలు ఎన్నాళ్లకొకరు మారుతున్నారో మరీ గట్టిగా చూడండి. ఐదేళ్లలో ముగ్గురు మారితే ఆ గ్రూపు జోలికి పోవద్దనే చెబుతాను. స్వతంత్ర డైరెక్టరు మధ్యలో రాజీనామా చేస్తే కారణం వివరంగా స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పాలి. అవి కూడా ఎక్స్ఛేంజీల సైట్లలో దొరుకుతాయి.

బోర్డులో పెద్ద పేర్లు చూసి మాత్రం భరోసా పడకండి. మన హైదరాబాద్‌లోనే, 2008 డిసెంబర్ 16న, చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలు రెంటినీ దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనకు సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు. మదుపరులు తిరగబడ్డాకే, గంటల్లో, ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కల మోసం బయటపడింది. దెబ్బ తిన్నవాళ్లలో ఏ తప్పూ చెయ్యని వేలమంది ఉద్యోగులున్నారు. అందుకే నివేదికలో 'రిలేటెడ్ పార్టీ లావాదేవీలు' అన్న నోట్ చదవాలి. లిస్టెడ్ కంపెనీ నుంచి కుటుంబ సొంత కంపెనీలకు అప్పులు, అడ్వాన్సులు ఏటేటా పెరుగుతూ పోతుంటే అక్కడ పద్ధతి లేనట్టే.

ఇక విదేశీ బ్యాంకు సెంటర్. సీఐఎన్‌లో `FTC` ఉంటే పైన చెప్పిన జీతాల పట్టిక అక్కడ ఉండదు. ఆ కంపెనీ బోర్డులో సాధారణంగా ఉండేది గ్రూపు ఉద్యోగులే. అసలు బోర్డు విదేశంలో ఉంటుంది. ఆడిట్లు, ఫిర్యాదుల యంత్రాంగం గట్టిగానే ఉంటాయి, అది నిజమైన బలం. ప్రమోషన్ దగ్గరే చిక్కు. ఏడాది చివర మేనేజర్లందరూ కూర్చుని రేటింగులు సరిచూసుకునే కాలిబ్రేషన్ మీటింగ్ ఒకటి జరుగుతుంది. ఐదుగురు మేనేజర్లు తలా ఇద్దరి పేర్లు తెచ్చారనుకుందాం. పైనుంచి వచ్చిన బడ్జెట్‌లో ఉన్నవి మూడు ప్రమోషన్లే. ఆ పదిమందిలో ముగ్గుర్ని ఎంచేటప్పుడు మీ అమ్మాయి పని గురించి మాట్లాడే మనిషి ఆ గదిలో ఉండాలి. ఆమె మేనేజర్ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉండి, ఆ మీటింగ్‌కే రాకపోతే ఎంత బాగా చేసినా వచ్చే ఏడాదే. ఇంకొకటి, కొన్ని సెంటర్లలో ఒక స్థాయి దాటిన ఉద్యోగాలు ఇక్కడ ఉండవు, విదేశంలోనే ఉంటాయి. అక్కడ అడ్డుపడేది ఇంటిపేరు కాదు, ఊరు.

ఈ సంగతి ఏ నివేదికలోనూ దొరకదు, అడిగే తెలుసుకోవాలి. చేరాల్సిన టీమ్‌లో ఇప్పటికే పనిచేస్తున్న సీనియర్‌ను లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని మీ అమ్మాయినే అడగమనండి: మీ సెంటర్‌లో మీ విభాగపు అత్యున్నత పదవి ఏది, అందులో ఉన్నది ఇక్కడ ఎదిగినవాళ్లా? పోయిన ఏడాది మీ టీమ్‌లో ఎవరికి ప్రమోషన్ వచ్చింది, మీటింగ్‌లో వాళ్ల తరఫున ఎవరు మాట్లాడారు? రానివాళ్లకు కారణం రాతపూర్వకంగా చెప్పారా? సూటిగా జవాబు వస్తే మంచిదే. 'అంతా పర్ఫార్మెన్సేనండీ' అని దాటవేస్తే అనుమానించాల్సిందే.

నా అభిప్రాయం అడిగితే, కుటుంబ గ్రూపు లెటర్ `L` ఉన్న కంపెనీ నుంచి వచ్చి, ఐదేళ్ల నివేదికల్లో కుటుంబం బయటివాళ్లు కనీసం ఇద్దరు లోపలే ఎదిగి విభాగాధిపతులైనట్టు కనిపిస్తే అక్కడే చేరమంటాను. ఫైనాన్స్ ట్రైనీకి ప్లాంటు లెక్కలు, బ్యాంకు రుణాలు, ట్రెజరీ అన్నీ చిన్న వయసులో చేతికొచ్చేది అలాంటి చోటే. లెటర్ `U` కంపెనీదై, అలా ఎందుకిచ్చారో కారణం సరిగా చెప్పకపోతే బ్యాంకు సెంటరే నయం.

కుటుంబ గ్రూపునే ఎంచుకుంటే సంతకానికి ముందు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి ఒక మాట రాయించుకోండి. గ్రూపులో ఒక కంపెనీ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు రాజీనామా చేయించి కొత్తగా చేర్చుకోకుండా, సర్వీసు, సీనియారిటీ కొనసాగిస్తామని. ఆ మాట లేక నాలుగో ఏట కంపెనీ మారితే గ్రాట్యుటీకి కావలసిన ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తారు, ప్రమోషన్ వరసలోనూ కొత్తగా చేరినవాళ్ల వెనకే నిలబెడతారు.