సగం మాత్ర చాలదు. నలభై రోజుల బిడ్డకు ఆ మాత్ర ఇంట్లో వేయొద్దు

డాక్టర్ గారూ, మాది ఒడిశాలో గుణుపురం దగ్గర ఊరు. మా పాపకు 8 నెలలు, 7 కిలోలుంది. న్యుమోనియా అని ఆసుపత్రిలో నీళ్లలో కరిగే అమాక్సిసిలిన్ 250 మాత్రలు పది ఇచ్చి, 5 రోజులు 'దుయి థర', అంటే రోజుకు రెండుసార్లు, వేయమన్నారు. పెద్ద డోసేమోనని సగమే పాలసీసాలో కలిపి పడుతున్నాను. మూడో రోజుకి జ్వరం తగ్గింది. ఆపేయొచ్చా? మిగిలినవి మా చెల్లెలి బాబుకి వేయొచ్చా? వాడికి 40 రోజులు, రొప్పుతున్నాడు.
— ఒక తల్లి

అమ్మా, ముందు ఆ బాబు సంగతి. ఇది చదివిన వెంటనే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లమని మీ చెల్లెలికి చెప్పండి. మాత్ర వేసి రేపటిదాకా చూద్దామనుకోవద్దు. రెండు నెలలు నిండని బిడ్డకు ఊపిరి వేగం పెరిగితే అది ఊపిరితిత్తుల్లోనే ఉందో, రక్తానికి పాకిందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఆ వయసులో చాలాసార్లు ఇంజెక్షన్లు అవసరమవుతాయి. బాబు నిద్రలోనో, ప్రశాంతంగానో ఉన్నప్పుడు పొట్ట కదలికను ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే అది జబ్బే. పాలు పట్టుకోకపోయినా, డొక్కలెగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, లేపినా మగతగా ఉన్నా లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. పక్కింటి బిడ్డకు మిగిలిన మందు వేసి, రెండు రోజులు పోయాక మా దగ్గరికి తెచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆ రెండు రోజులే మాకు దొరకనివి.

ఇక మీ పాప. ఈ మాత్ర డోసు కిలోకు సుమారు 40 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు రెండుసార్లు. ఏడు కిలోలకు అది 280 అవుతుంది. 250 మాత్ర ఒకటి దానికి దగ్గర, అంటే మీకు చెప్పింది సరైన మోతాదే. సగం వేస్తే కిలోకు 18 కూడా దాటడం లేదు. తూకం యంత్రం దగ్గర లేనిచోట కూడా పొరపాటు పడకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ వయసును బట్టి లెక్క పెట్టింది: 2 నెలల నుంచి ఏడాది లోపు పూటకు ఒకటి, ఏడాది నుంచి మూడేళ్ల లోపు రెండు, మూడు నుంచి ఐదేళ్ల లోపు మూడు. ఇది 250 మాత్ర లెక్క. మందుల షాపులో అదే మందు 125లో కూడా దొరుకుతుంది, కాబట్టి కొనేటప్పుడు పట్టీ మీద అంకె చూడండి. బిడ్డ మరీ బక్కగా ఉన్నా, వయసుకు మించి బరువున్నా డాక్టర్ తూకం చూసి మారుస్తారు.

సగం మోతాదుతో పాటు నన్ను కలవరపెట్టింది పాలసీసా. పోయిన చలికాలంలో ఒక నాయనమ్మ సీసా నిండా పాలల్లో మాత్ర వేసి పట్టారు. బిడ్డ సగం తాగి నిద్రపోయింది. సీసా అడుగున తెల్లటి మడ్డి నాకు స్పష్టంగా కనబడింది. మందు అక్కడే ఉండిపోయింది. ఇలా చేయండి: చేతులు కడుక్కుని, ఉగ్గుగిన్నెలో మాత్ర వేసి, కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు, అంటే 5 నుంచి 10 మిల్లీలీటర్లు పోయండి. ఆరు నెలల లోపు బిడ్డకైతే నీళ్ల బదులు గిన్నెలోకి పిండిన తల్లిపాలు. మాత్ర విడిపోయేదాకా గిన్నెను తిప్పండి. తల కాస్త ఎత్తి ఒళ్లో పడుకోబెట్టుకుని, చెంప లోపలి వైపు కొద్దికొద్దిగా పోయండి, ఏడుస్తుంటే ఆగండి. అడుగున మిగిలిన తెల్లపొడిని మరో చెంచాడు నీళ్లతో కలిపి అదీ పట్టండి. అది వదిలేస్తే డోసు పూర్తి కాదు. ఏ పూటకాపూట కలపాలి, సాయంత్రానికి దాచొద్దు. అరగంట లోపు కక్కేస్తే మరోసారి పూర్తి మాత్ర వేయండి. వేసినదల్లా కక్కేస్తుంటే మందు మార్చాలి, ఆసుపత్రికి రావాలి.

జ్వరం తగ్గిందని ఆపకండి. జ్వరం ముందు దిగుతుంది, ఊపిరితిత్తి వెనకబడుతుంది. ఈ పూట నుంచి పూర్తి మాత్ర, సుమారు పన్నెండు గంటల తేడాతో వేయండి. పోయిన సగాలకు బదులుగా రెండేసి వేయొద్దు. ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు వస్తే ఆపి వెంటనే చూపించండి. అయిదు రోజుల లెక్క మళ్లీ మొదలుపెట్టాలా అన్నది పాపను చూడకుండా ఇక్కణ్ణుంచి నేను తేల్చలేను. పట్టీ చేత్తో పట్టుకుని ఇవాళే ఆసుపత్రికో, మీ ఆశా దీదీ దగ్గరికో వెళ్లి, సగం వేశానన్న మాట దాచకుండా చెప్పండి. 8 నెలల బిడ్డకు నిమిషానికి 50 అంతకు మించి ఊపిరి ఇంకా కనిపిస్తుంటే, పాలు మానేస్తే, డొక్కలెగరేస్తే సాయంత్రం దాకా కూడా ఆగొద్దు. సరిగ్గా వేస్తే పట్టీలో ఒక్క మాత్ర కూడా మిగలకూడదు: పది మాత్రలు, అయిదు రోజులు, పూటకొకటి.