వెనక మూత మీది నంబరు చాలదు

భీమవరంలో ఒకాయన పాత సీకో 5 వాచీ అమ్ముతూ సీరియల్ నంబరు ఫోటో పంపాడు, నెట్‌లో చూస్తే సరిపోయింది, ఇంక ఒరిజినలే కదండీ?

కాదండీ. సీకోలో ఆ నంబరు వెనక మూత మీద ఉంటుంది, ఆ మూత మర తిప్పితే ఊడొచ్చేదే, కాబట్టి అసలు మూతని వేరే వాచీకి బిగించినా ఫోటోలో తెలియదు. పైగా నంబరు చెప్పేది తయారీ తేదీ ఒక్కటే: 5N తో మొదలైతే 5తో ముగిసే ఏదో సంవత్సరం, నవంబరు. 2005 కావచ్చు, 2015 కావచ్చు. నకిలీ చేసేవాడు ఆ అంకెలే చెక్కుకోలేడా? మూత మీద మెషీన్ మోడల్ 7S26 అని ఉంటే, అమలాపురమో భీమవరమో, ఎక్కడైనా నమ్మకమైన వాచీ మెకానిక్ దగ్గర మీ ఎదురుగా తెరిపించి లోపలి మెషీన్ మీద కూడా 7S26 ఉందో లేదో చూడండి. అదీ కలిసినా డయల్‌కి కొత్తగా రంగు వేసి ఉండొచ్చు, అక్షరాల అంచులు భూతద్దంలో చూస్తే దొరికిపోతుంది. తెరవనివ్వకపోతే డబ్బులివ్వకండి.