బీరు మానేసి విస్కీకి మారితే గౌట్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 43. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఆదివారం రాత్రి రెండు స్ట్రాంగ్ బీర్లు తాగి, లివర్ ఫ్రై తిన్నాను. తెల్లారుజామున మూడింటికి కుడికాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టయింది. మర్నాడు టెస్టులో యూరిక్ యాసిడ్ 6.4 వచ్చింది, నార్మలే అన్నారు. ఏడాదిలో ఇది మూడోసారి. పప్పు మానేశాను. బీరు బదులు విస్కీ తాగితే పర్వాలేదా?

జవాబు: ముందు ఆ 6.4ని నమ్మకండి. నొప్పి పట్టున్నప్పుడు యూరిక్ యాసిడ్ మూత్రంలో ఎక్కువగా పోయి, రక్తంలో తాత్కాలికంగా తగ్గుతుంది. నొప్పి పూర్తిగా తగ్గాక రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా గౌట్‌వే.

యూరిక్ యాసిడ్ సుమారు 6.8 దాటితే రక్తంలో కరిగి ఉండలేక, కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఒంట్లో మిగతా చోట్ల కంటే కాలి బొటనవేలు చల్లగా ఉంటుంది కాబట్టి తరచూ అక్కడే మొదలవుతుంది.

ఇక బీరు. ఏ మద్యమైనా కాలేయంలో అరిగేటప్పుడు యూరిక్ యాసిడ్ తయారీ పెరుగుతుంది. అదే సమయంలో పుట్టే లాక్టిక్ యాసిడ్ వల్ల కిడ్నీలు దాన్ని బయటికి పంపకుండా వెనక్కి తీసుకుంటాయి. అంటే కుళాయి తిప్పి, తూము మూసినట్టు. బీరులో వీటికి తోడు మాల్టు, ఈస్టుల నుంచి వచ్చే ప్యూరిన్లు కూడా ఉంటాయి. అవీ చివరికి యూరిక్ యాసిడే అవుతాయి. పక్కన లివర్ ఫ్రై ఉంటే ప్యూరిన్లు మరిన్ని.

విస్కీలో ప్యూరిన్లు దాదాపు లేవు, నిజమే. కానీ ఆల్కహాల్ ఉందిగా! 8 శాతం ఉన్న 650 మి.లీ. బీర్లు రెండంటే 60 మి.లీ. విస్కీ పెగ్గులు నాలుగింటితో సమానం. మార్చుకున్నా ఆ తూము మూసే పని ఆగదు. నొప్పి ఉన్నన్నాళ్లూ ఏదీ ముట్టుకోవద్దు.

పప్పు మాత్రం నిశ్చింతగా తినండి, పాపం దాని తప్పేం లేదు. కందిపప్పు, పెసరపప్పుల్లోని ప్యూరిన్లు గౌట్ పెంచినట్టు అధ్యయనాల్లో తేలలేదు. తగ్గించాల్సింది లివర్, బోటీ, రొయ్యలు, తీపి కూల్‌డ్రింకులు.

ఏడాదికి రెండు, అంతకంటే ఎక్కువసార్లు వస్తే పథ్యం ఒక్కటే సరిపోదు. మీకు యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ అవసరం కావచ్చు. కిడ్నీ పరీక్షలు చేసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, 6 కంటే దిగేదాకా డాక్టరు పెంచుకుంటూ వెళ్తారు. మొదటి నెలల్లో పాత స్ఫటికాలు కరుగుతూ ఒకటి రెండుసార్లు నొప్పి తిరగబెట్టొచ్చు. మందు పడలేదనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి, ఆ నొప్పి రాకుండా కోల్చిసిన్ లాంటి మాత్ర తోడిస్తారు. అయితే ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం అల్లోప్యూరినాల్ వెంటనే ఆపి, డాక్టరుకి చూపించండి.

బీపీ మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. వాటిలో కొన్ని యూరిక్ యాసిడ్ పెంచుతాయి. వాపుతో పాటు చలిజ్వరం వస్తే గౌటేనని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, కీలులో చీము పట్టి ఉండొచ్చు.