అమ్మ ఎఫ్‌డీ వడ్డీలో కోసిన టీడీఎస్ గురించి

"అమ్మకి 63 ఏళ్లు. పెన్షన్ నెలకి 18 వేలు, ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి లక్షా 40 వేలు. 2025 జూన్, సెప్టెంబర్‌లలో బ్యాంకువాళ్లు టీడీఎస్ అని 3,500 చొప్పున పన్ను ముందే కోశారు. ఇప్పుడు 15హెచ్ ఇస్తే ఆ 7 వేలు తిరిగి వేస్తారా?"

వేయరండీ. కోసిన డబ్బు అమ్మ పాన్ మీద ప్రభుత్వానికి జమైపోతుంది, ఇక మేనేజర్‌ని అడిగినా లాభం లేదు. అయినా పన్ను పడేంత ఆదాయం లేదని బ్యాంకుకి రాసిచ్చే ఆ 15హెచ్ ఫారం ఇప్పుడే ఇచ్చేయండి, మిగిలిన రెండు త్రైమాసికాల్లో కోత ఆగుతుంది.

బ్యాంకుకి అమ్మ మొత్తం ఆదాయం తెలియదు. సీనియర్ సిటిజన్‌కి తమ దగ్గర వడ్డీ ఏడాదికి లక్ష దాటుతుందా అనేదే చూస్తుంది, దాటితే 10 శాతం కోసేస్తుంది. అమ్మకి పెన్షన్ 2,16,000, వడ్డీ కలిపితే 3,56,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి 15హెచ్ నిజాయితీగానే ఇవ్వొచ్చు. అందులో పాన్ సరిగ్గా ఉండాలి, లేకపోతే ఫారం చెల్లదు, పైగా కోత 20 శాతం అవుతుంది.

ఆ 7 వేలకి దారి ఆదాయపు పన్ను రిటర్న్ ఒక్కటే. ముందు అమ్మ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్‌లో రెండు కోతలూ కనిపిస్తున్నాయా చూడండి, లేకపోతే అప్పుడు బ్యాంకుని పట్టుకోండి. తర్వాత 2026 జులై 31లోపు ఐటీఆర్-1 అనే రిటర్న్ వేస్తే అమ్మ ఖాతాలోకే వస్తుంది.

ఈ ఫారం ఒక్క ఆర్థిక సంవత్సరానికే, ఒక్క బ్యాంకుకే. మా ఇంట్లో ఒకసారి పోయినేడాది ఇచ్చాం కదా అని ఊరుకున్నాం, మొదటి త్రైమాసికంలోనే కోత పడింది. ఏప్రిల్ మొదటి వారంలోనే ఇచ్చి, రసీదు తీసుకోండి.