కరెంట్ దిశ తప్పితే, ఎక్కడ తప్పారో ఆ జవాబులోనే దొరుకుతుంది

ప్రశ్న: కావలిలో సీనియర్ ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను సార్. విద్యుదయస్కాంత ప్రేరణ పేపర్లు దిద్దుతుంటే సంఖ్యలు కరెక్టుగానే వస్తున్నాయి, ప్రేరిత కరెంట్ దిశ మాత్రం చాలామందికి తప్పుతోంది. లెంజ్ నియమం అడిగితే గడగడా చెప్తారు. కీ చూసి టిక్కో ఇంటూనో పెట్టడం కాకుండా, ఎవరు ఎక్కడ తప్పారో పట్టుకునే పద్ధతి ఏమైనా ఉందా?

ఉందండీ. ఒంగోలులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఈ చాప్టర్ ఏళ్ల తరబడి చెప్పాను, పేపర్లూ దిద్దాను. నేను చూసినంతలో పిల్లలు చేతి నియమం దగ్గర తప్పేది తక్కువ. దానికి ముందున్న మెట్టు దగ్గర, అంటే ఫ్లక్స్ పెరుగుతోందా తగ్గుతోందా అని చూసేచోట జారిపోతారు. చెయ్యి సరిగ్గానే తిప్పుతారు, కానీ తప్పు వైపుకి తిప్పుతారు.

అందుకని విడివిడిగా చిన్న ప్రశ్నలు ఇవ్వకుండా, మూడు దశలున్న ఒకే లెక్క ఇవ్వండి. నేను ఎప్పుడూ ఇచ్చేది ఇది. దీర్ఘచతురస్రాకారపు రాగి తీగ లూపు, పొడవు 20 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, నిరోధం 0.5 ఓమ్. అది సెకనుకు 2 మీటర్ల స్థిర వేగంతో పొడవు దిశలోనే కుడివైపు వెళ్తోంది. దారిలో 50 సెంటీమీటర్ల వెడల్పున 0.5 టెస్లా ఏకరీతి అయస్కాంత క్షేత్రం ఉంది, దాని దిశ కాగితం లోపలికి. లూపు క్షేత్రంలోకి దూరేటప్పుడు, పూర్తిగా లోపల ఉన్నప్పుడు, బయటికి వచ్చేటప్పుడు కరెంట్ ఎంత, ఏ దిశలో?

సంఖ్యల పని తొందరగా అయిపోతుంది. లూపు పూర్తిగా లోపల ఉన్నప్పుడు ఫ్లక్స్ 0.5 × 0.02 = 0.01 వెబర్. 20 సెంటీమీటర్ల లూపు 2 మీటర్ల వేగంతో లోపలికి దూరడానికి 0.1 సెకను పడుతుంది. కాబట్టి ఈఎంఎఫ్ 0.1 వోల్ట్, కరెంట్ 0.2 ఆంపియర్. బయటికి వచ్చేటప్పుడూ ఇవే విలువలు. మధ్యలో 0.15 సెకను పాటు లూపు మొత్తం క్షేత్రంలోనే ఉంటుంది, అప్పుడు కరెంట్ సున్నా.

దిశల సంగతి చూద్దాం. దూరేటప్పుడు కాగితం లోపలికి ఉన్న ఫ్లక్స్ పెరుగుతోంది. ఆ పెరుగుదలను అడ్డుకోవాలంటే ప్రేరిత కరెంట్ పుట్టించే క్షేత్రం బయటికి, మనవైపు ఉండాలి. కుడిచేతి బొటనవేలిని మనవైపు పెడితే వేళ్లు అపసవ్య దిశలో ముడుచుకుంటాయి. బయటికి వచ్చేటప్పుడు లోపలికి ఉన్న ఫ్లక్స్ తగ్గుతోంది. తగ్గనివ్వకూడదు కాబట్టి ప్రేరిత క్షేత్రం కూడా లోపలికే ఉండాలి, అంటే కరెంట్ సవ్య దిశలో. సరైన జవాబు వరుసగా అపసవ్యం, సున్నా, సవ్యం.

ఇక పిల్లల జవాబుల్లో ఆ వరుసను మాత్రమే చూడండి.

అపసవ్యం, సున్నా, అపసవ్యం అని రాశారంటే ఆ పిల్లవాడి బుర్రలో ఉన్న నియమం వేరు. "ప్రేరిత క్షేత్రం ఎప్పుడూ బయటి క్షేత్రానికి ఎదురుగా ఉంటుంది" అని ముద్ర పడిపోయింది. నియమం అడిగితే "మార్పును వ్యతిరేకిస్తుంది" అని చక్కగా అప్పచెప్తాడు, లెక్కలో మాత్రం "మార్పు" అన్న మాట ఎగిరిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువ కనబడేది ఈ రకమే. ఫ్లక్స్ పెరిగే లెక్కలే ఇచ్చినంతకాలం ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ తప్పు నియమంతో కూడా ఒప్పు జవాబే వస్తుంది. పరీక్షల్లో అయస్కాంతాన్ని దగ్గరకు తెచ్చే ప్రశ్నలే ఎక్కువ అడిగితే ఇలాంటివాళ్లు ఫుల్ మార్కులతో బయటపడిపోతారు.

అపసవ్యం, అపసవ్యం, సవ్యం అని, లేదా మధ్యలో ఇంకేదో దిశ రాశారంటే, వాళ్లు ఫ్లక్స్‌లో మార్పును చూడటం లేదు, కదలికను చూస్తున్నారు. "లూపు కదులుతోంది, క్షేత్రం ఉంది, కాబట్టి కరెంట్ వస్తుంది" అన్నది వాళ్ల లెక్క. వీళ్ల చేత ముందు ఫ్లక్స్‌కి కాలానికి గ్రాఫ్ గీయించండి. 0.1 సెకను వరకు ఏటవాలుగా పైకి, తర్వాత అడ్డంగా, ఆ తర్వాత ఏటవాలుగా కిందికి. ఈఎంఎఫ్ అంటే ఆ గీత వాలు, ముందు మైనస్ గుర్తుతో. గీత ఎత్తు కాదు. ఎత్తు గరిష్ఠంగా ఉన్న మధ్య భాగంలో వాలు సున్నా. ఒక తెలివైన పిల్ల ఇక్కడ అడ్డం తిరగొచ్చు: "నిలువు భుజాలు రెండూ క్షేత్రాన్ని కోసుకుంటూనే పోతున్నాయి కదా సార్?" అని. ఆమె అన్నది నిజమే. రెండు భుజాల్లోనూ 0.1 వోల్ట్ పుడుతుంది. రెండింటిలోనూ అది పైకే నెడుతుంది కాబట్టి లూపు చుట్టూ తిరిగి వస్తే ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కరెంట్ సున్నా అవుతుంది కానీ పై భుజానికీ కింది భుజానికీ మధ్య పొటెన్షియల్ తేడా ఉంటుంది. ఆ పిల్ల పేపర్లో ఇంటూ పెట్టేముందు ఒకసారి పిలిచి మాట్లాడండి.

సవ్యం, సున్నా, అపసవ్యం అని రెండు చివరలూ తిరగబడి వస్తే, ఫ్లక్స్ మార్పు అర్థమైంది, గుర్తు ఒక్కచోట తలకిందులైంది. వ్యతిరేకించడం మర్చిపోయి ఉంటారు, లేదా × గుర్తును బయటికి అని చదివి ఉంటారు, లేదా ఎడమ చెయ్యి తిప్పి ఉంటారు. పరీక్ష హాల్లో కుడిచేతిలో పెన్ను ఉంటుంది, ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి తిరుగుతుంది. నవ్వొస్తుంది గానీ, హాల్లో తిరుగుతూ నేను మళ్లీ మళ్లీ చూసిన సంగతే ఇది.

పిల్లలు తమ జవాబును తామే సరిచూసుకోవడానికి బలం లెక్క నేర్పండి. దూరేటప్పుడు క్షేత్రంలో ఉన్న నిలువు భుజం కుడివైపుది. కరెంట్ అపసవ్యం అయితే ఆ భుజంలో పైకి పోతుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం పెడితే బలం ఎడమవైపుకి, అంటే కదలికకు ఎదురుగా వస్తుంది. విలువ BIl, అంటే 0.5 × 0.2 × 0.1 = 0.01 న్యూటన్. వేగం తగ్గకుండా లూపును లాగాలంటే మనం సెకనుకు 0.01 × 2 = 0.02 జౌళ్ల పని చేయాలి. తీగలో వేడిగా పోయేది I²R, అంటే 0.04 × 0.5, అదీ 0.02 వాట్లే. లెక్క సరిపోయింది. దిశ తప్పు రాసినవాడికి బలం కుడివైపుకి వస్తుంది. అంటే చెయ్యి తీసేసినా లూపు తనంతట తానే వేగం పుంజుకోవాలి, పైగా వేడీ పుట్టాలి. అది జరగదు.

బయటికి వచ్చేటప్పుడు ఇదే పరీక్షలో ఒక చిక్కుంది. అప్పుడు క్షేత్రంలో మిగిలింది ఎడమ భుజం. పిల్లలు అలవాటుగా కుడి భుజానికే బలం లెక్క కడతారు, అది అప్పటికే బయటపడిపోయింది. ఎడమ భుజానికి కడితే సవ్య దిశ కరెంట్ అక్కడ పైకి పోతుంది, బలం మళ్లీ ఎడమవైపుకే వస్తుంది. కరెంట్ దిశ మారినా బలం దిశ మారలేదు. ఎప్పుడైనా కదలికకు ఎదురే.

అయితే ఈ పరీక్ష అన్ని తప్పుల్నీ పట్టదు. × గుర్తును బయటికి అని చదివిన పిల్లవాడు మొదటినుంచి చివరిదాకా అలాగే చదువుతాడు. క్షేత్రం తిరగబడింది, కరెంటూ తిరగబడింది, రెండూ కలిసి బలం మాత్రం మళ్లీ ఎడమవైపుకే చూపిస్తుంది. పరీక్ష పాస్, జవాబు తప్పు. అందుకని చెయ్యి లేపేముందు "క్షేత్రం లోపలికి, పెరుగుతోంది" అని రెండు మాటలు రాయమనండి. ఆ రెండు మాటలకు ఒక మార్కు పెట్టండి, రాయడం దానంతటదే అలవాటవుతుంది.

మొదటి లెక్క దాటినవాళ్లకు రెండోది ఇవ్వండి. అదే లూపును కదలకుండా క్షేత్రంలో ఉంచి, లోపలికి 0.5 టెస్లా ఉన్న క్షేత్రాన్ని ఒకే రేటున సున్నాకి తగ్గించి, ఆగకుండా బయటికి 0.5 టెస్లా దాకా తీసుకెళ్లాలి. ఫ్లక్స్‌లో మార్పు ఎంత? చాలామంది సున్నా అంటారు, మొదటా చివరా 0.01 వెబరే కదా అని. లోపలికి ఉన్నదాన్ని ప్లస్ అనుకుంటే అది +0.01 నుంచి −0.01 కి వచ్చింది, మార్పు −0.02 వెబర్. తీగలో పారిన మొత్తం ఆవేశం 0.02 ÷ 0.5 = 0.04 కూలుంబులు. కరెంట్ దిశ అడిగితే ఇంకా మజా. క్షేత్రం సున్నా దాటగానే దిశ మార్చేస్తారు. నిజానికి మారదు. మొదటి సగంలో లోపలికి ఉన్నది తగ్గుతోంది, రెండో సగంలో బయటికి ఉన్నది పెరుగుతోంది. రెండింటినీ అడ్డుకోవడానికి కావలసింది లోపలికి ఉండే ప్రేరిత క్షేత్రమే, కాబట్టి మొదటినుంచి చివరిదాకా సవ్య దిశే. గ్రాఫ్‌లో చూసినా ఒకే వాలున్న ఒకే గీత, మధ్యలో అక్షాన్ని దాటింది, అంతే.

ఇక్కడ కదలిక లేదు కాబట్టి పై బలం పరీక్ష పనికిరాదు. దాని బదులు భుజాల మీద బలం లూపును పెద్దది చేయాలని చూస్తోందా, కుదించాలని చూస్తోందా అని చూడాలి. ఫ్లక్స్ పరిమాణం తగ్గుతుంటే బయటికి లాగాలి, పెరుగుతుంటే లోపలికి నొక్కాలి. ఈ లెక్కలో మొదటి సగంలో బయటికి, రెండో సగంలో లోపలికి వస్తుంది.

చివరిగా తీగచుట్టా అయస్కాంతం లెక్కల గురించి ఒక మాట. ఉత్తర ధ్రువాన్ని దగ్గరకు తెస్తే, అయస్కాంతం వైపు నుంచి చూసేవాళ్లకు కరెంట్ అపసవ్యం, అవతలి వైపు నుంచి చూసేవాళ్లకు సవ్యం. ప్రశ్నలో ఎటునుంచి చూడాలో చెప్పకపోతే రెండు జవాబులకూ మార్కులు ఇవ్వాల్సిందే, మీ కీలో ఒకటే ఉన్నా సరే. మీ దగ్గర గాల్వనోమీటర్ ఉంటే చూపించండి, కానీ ముందు ముల్లు ఎటు తిరిగితే కరెంట్ ఏ టెర్మినల్ నుంచి లోపలికి పోతున్నట్టో తేల్చుకోండి. 1.5 వోల్టుల సెల్‌కి పది కిలో ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి ఒకసారి తాకిస్తే తెలిసిపోతుంది. రెసిస్టర్ లేకుండా తాకిస్తే ముల్లు వెళ్లి చివర కొట్టుకుంటుంది, గాల్వనోమీటర్ పాడైనా పాడవుతుంది. తర్వాత తీగచుట్ట మీద తీగ ఎటు చుట్టారో కంటితో చూసి సుద్దముక్కతో బాణం గీయండి. చుట్టిన దిశ తెలియకుండా ముల్లు కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది అని ఎంత రాసుకున్నా లెంజ్ నియమం సరిచూసినట్టు కాదు.