బీరకాయ తొక్క గురించి మాట్లాడబోయే మనవరాలికి

చిరంజీవి చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

తొక్కలు, కాడలు, ఆకులు పారేయకుండా వండుకోవడం గురించి నువ్వు బడిలో ఉపన్యాసం ఇవ్వబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పి, నువ్వు రాసుకున్నది చదివి వినిపించింది. మా అత్తగారి దగ్గర నేను నేర్చుకున్న తోటకూర కాడల పులుసు నీ కాగితం మీదికి ఎక్కినందుకు మురిసిపోయాను. కానీ చివర్లో "కూరగాయలో పారేయదగినది ఏదీ లేదు" అని రాశావే, ఆ ఒక్క వాక్యం నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

గట్టిగా, నిదానంగా మాట్లాడు. కాగితం చూసి చదవకు. ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ కాడ, అరటికాయ తొక్క అంటూ అన్నింటినీ ఏకరువు పెట్టకుండా బీరకాయ తొక్క ఒక్కదాన్నే తీసుకుని, పచ్చడి చేసే విధానం మొదటి నుంచి చివరి దాకా చెప్పు. అర కిలో లేత బీరకాయలను చెక్కు తీయకముందే బాగా రుద్ది కడగాలి. ముదురు ఈనెలుంటే తీసేయాలి, లేకపోతే ఎంత రుబ్బినా పీచు నోటికి తగులుతుంది. రెండు చెంచాల నూనెలో చెంచాడు మినప్పప్పు, ఆరు ఎండుమిరపకాయలు వేయించి తీసి, అదే మూకుడులో తొక్కను సన్నని మంట మీద మగ్గనివ్వాలి. పచ్చి వాసన పోయి, మెరిసే ఆకుపచ్చ రంగు కాస్త మాసినట్టు కనబడితే వేగినట్టే. తరువాత చిన్న నిమ్మకాయంత చింతపండు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి కచ్చాపచ్చాగా రుబ్బుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మ ఇంతవరకు నీకు చెప్పి ఉండదు. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మా పెరటి గోడ పక్కన, ఎవరూ విత్తకుండానే ఒక బీరపాదు మొలిచింది. నాటిన పాదు కాయలతో పాటు దాని కాయలు కూడా కోసి, చెక్కంతా ఒకే పళ్లెంలోకి తీశాను, కండను సాయంత్రం పప్పులోకని పక్కన పెట్టాను. రోట్లో రుబ్బుతూ వేలితో నాకి చూస్తే చేదు తగిలింది. తొక్క కదా, ఆ మాత్రం చేదు ఉండదా అనుకున్నాను. ఇంత పచ్చడి పారబోయడానికి మనసొప్పక, మరికాస్త చింతపండు, ఉసిరికాయంత బెల్లం వేసి ఆ చేదును కప్పేశాను. నా తెలివికి నేనే సంతోషించాను కూడా.

భోజనాలైన గంటలోపే మీ అమ్మకు వాంతులు మొదలయ్యాయి, తరువాత మా మరిదికి వాంతులతో పాటు విరేచనాలు. ఆ రాత్రంతా ఇద్దరికీ సెలైన్ ఎక్కుతుంటే నేను మంచాల మధ్య కూర్చున్నాను. డాక్టరుగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పచ్చడి చేదుగా ఉందా?" అని. అవునని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

బీర, ఆనప, దోస జాతి కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా చేరుతుంది. వేయించినా, ఉడికించినా అది పోదు. దానంతట అదే మొలిచిన పాదు విత్తనంలో చేదుబీర జాతి పుప్పొడి కలిసి ఉంటే అలాంటి కాయలు కాయవచ్చు, పైకి మాత్రం మంచి కాయకూ దానికీ తేడా తెలియదు. అందుకని ప్రతి కాయ నుంచీ, ఒకటి విడిచిపెట్టకుండా, సన్నని ముక్క కోసి నాలుకకు తాకించి ఉమ్మేయాలి. చేదుగా ఉంటే తొక్కనే కాదు, కండను కూడా పారేయాలి. నా వంటలో దేవుడిచ్చిన హెచ్చరికను బెల్లంతో నోరు మూయించింది నేనే, తల్లీ.

అందుకే ఆ వాక్యం కొట్టేసి, "ఏది వండాలో తెలుసుకున్నట్టే ఏది పారేయాలో కూడా తెలుసుకోవాలి" అని రాసుకో. ఆకుపచ్చ రంగు తిరిగిన బంగాళదుంప తొక్కను వేయించుకోవద్దని కూడా ఒక్క ముక్క చేర్చు. ఆ రంగు వచ్చినచోట సొలనిన్ అనే విషం పెరిగి ఉండవచ్చు, మొలకల దగ్గరైతే మరీను. నీ మాట విని ఏ పిల్లవాడో ఇంటికి వెళ్లి చెత్తబుట్టలోది తీసి మూకుట్లో వేస్తాడేమోనని నాకు భయం. నవ్వుకో, ఫరవాలేదు, మంచాల మధ్య కూర్చున్నది నేను కదా.

నువ్వు వేదిక మీద చూపించడానికి మీ మామయ్య చేత ఆరు లేత బీరకాయలు పంపుతున్నాను. తొడిమల దగ్గర కోసిన గాట్లు నేను రుచి చూసినవే, అయినా చెక్కు తీసే ముందు నువ్వు మళ్లీ ఒక్కొక్కటీ చూడు.

మీ అమ్మమ్మ